ఐదెకరాలకు ట్రాక్టర్ కొనాలా? – వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

అయ్యా, నేను జనగామ జిల్లాలో ఐదెకరాల రైతును. బావి కింద మూడెకరాలు రెండు కార్ల వరి, చెలకలో రెండెకరాలు పత్తి వేస్తాను. కొన్నేళ్లు మా సహకార సంఘంలో లెక్కలు రాశాను. అందుకని ఊళ్లో ఎవరు ట్రాక్టర్ కొనాలనుకున్నా ముందు మా ఇంటికొచ్చి కూర్చుంటారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కదా, అప్పటి నుంచి ఇలా వచ్చేవాళ్లు పెరిగారు. అందరూ అడిగేది ఒక్కటే: "కిరాయికి పోసే పైసలే కిస్తీకి కడితే బండి మనదైతది కదా?"

ఈ మాట న్యాయంగానే వినిపిస్తుంది. ఐదెకరాల రైతు విషయంలో లెక్కకు మాత్రం నిలవదు. అయినా ఏటా కొంటూనే ఉన్నారు. వాళ్లకు లెక్క రాక కొనడం లేదు. ఎందుకు కొంటున్నారో తెలిస్తే ఆ కారణాన్ని తీసేయగల అధికారం మీ శాఖ చేతిలోనే ఉందని కూడా తెలుస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు గంటల సంగతి చూద్దాం. ట్రాక్టర్ లాభమా నష్టమా అన్నది ఎకరాలతో తేలదు, అది ఏడాదిలో ఎన్ని గంటలు నడిచిందన్న దాంతో తేలుతుంది. నా పొలమే తీసుకోండి. వరికి ఒక కారులో ఎకరాకు రోటవేటర్‌తో మొదటి దుక్కి గంట, నీళ్లు పెట్టాక కేజీవీల్స్‌తో కరిగట్టు రెండు మార్లు కలిపి రెండున్నర గంటలు పడుతుంది. అంటే మూడున్నర గంటలు. మూడెకరాలకు రెండు కార్లకూ కలిపి 21 గంటలు. పత్తి చేనుకు కట్టె ముక్కలు చేయడం, ఎండాకాలం లోతు దుక్కి, విత్తనాల ముందు రెండు సార్లు కల్టివేటర్, అన్నీ కలిపితే ఎకరాకు ఐదు గంటలు, రెండెకరాలకు పది. పెంట తోలడం, వడ్లు కొనుగోలు కేంద్రానికి, పత్తి మిల్లుకు చేర్చడం, ఇలాంటి తోలకాలకు ఇంకో ఇరవై గంటలు వేసుకుందాం. మొత్తం మీద ఏడాదికి యాభై గంటల పైచిలుకు.

యంత్రాల ఖర్చు లెక్కగట్టడానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 9164 మార్గదర్శకం ట్రాక్టర్ ఆయుష్షును పదేళ్లుగా, ఏడాది పనిని వెయ్యి గంటలుగా తీసుకుంటుంది. నా దగ్గర దానికి పని యాభై గంటలు. మిగిలిన తొమ్మిది వందల యాభై గంటలు రేకుల కింద నిలబడే ఉంటుంది. నిలబడ్డ బండికి డీజిల్ ఖర్చు ఉండదు గాని వడ్డీ, తరుగు, బీమా ఆగవు. బ్యాటరీ దిగుతుంది, టైర్లు పగుళ్లు పడతాయి.

ఇప్పుడు రూపాయల్లోకి వద్దాం. మా వైపు కిరాయి పనిని బట్టి మారుతుంది. అన్నీ కలిపి సగటున గంటకు 1200 వేసుకుందాం, డీజిల్, డ్రైవర్ అందులోనే. యాభై గంటలకు ఏడాదికి 60 వేలు. రైతు భరోసా ఎకరాకు ఏడాదికి 12 వేల లెక్కన ఐదెకరాలకు వచ్చేదీ 60 వేలే. అంటే ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం సమయానికి పడితే, ఐదెకరాల రైతు ఏడాది పొడుగు ట్రాక్టర్ కిరాయి దాంతోనే తీరుతుంది.

కొంటే ఏమవుతుంది? నలభై అయిదు హార్స్‌పవర్ బండి, రోటవేటర్, కల్టివేటర్, కేజీవీల్స్, ట్రాలీ అన్నీ కలిపి పది లక్షలనుకుందాం. పదేళ్ల తర్వాత మొత్తం మూడు లక్షలకు అమ్ముడుపోయినా తరుగు ఏడాదికి 70 వేలు. అందులో ఇరుక్కున్న డబ్బుకు సగటున పది శాతం వడ్డీ వేస్తే 65 వేలు. బీమా, ఆయిల్ మార్పిడి, చిన్నాచితకా రిపేర్లకు 20 వేలు. బండి అడుగు కదపకపోయినా ఏడాదికి లక్షా యాభై అయిదు వేలు పోతుంది. గంటకు నాలుగున్నర లీటర్ల డీజిల్ చొప్పున యాభై గంటలకు మరో 22 వేలు. తానే నడుపుకుని తన కూలి లెక్కేసుకోకపోయినా 1,77,000 అవుతుంది. అదే పని కిరాయికి 60 వేలు.

"నేను నా పొలం ఒక్కటే దున్నుతానా, బయట కూడా కిరాయికి కొడతాను కదా" అంటారు. మంచి మాటే. బయటికి పోతే గంటకు వచ్చే 1200లో డీజిల్, డ్రైవర్ పోను 600 మిగులుతుంది. ఆ 600తో లక్షా యాభై అయిదు వేలు రాబట్టాలంటే తన పొలంతో కలుపుకుని దాదాపు 260 గంటలు నడవాలి. కిస్తీ లెక్క ఇంకా గట్టిది. మూడు లక్షలు చేతి నుంచి పెట్టి, ఏడు లక్షలు 12 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువుతో తెస్తే ఆరు నెలలకోసారి సుమారు 95 వేలు కట్టాలి. ఏడాదికి లక్షా తొంభై వేలు. బీమా, సర్వీసింగ్ కలిపితే రెండు లక్షల పది వేలు. గంటకు 600 చొప్పున అది 350 గంటల పని.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, మంత్రి గారూ. అసలు చిక్కు ఇక్కడే ఉంది. వరి ప్రాంతంలో ట్రాక్టర్‌కు పొలం పని దొరికే రోజులు చాలా తక్కువ. వానకాలం ఇరవై రోజులు, యాసంగి ఇరవై రోజులు. రోజుకు తొమ్మిది గంటలు ఒక్క రోజు కూడా ఆగకుండా నడిచినా నలభై రోజులకు 360 గంటలు. అంటే కిస్తీ తీరాలంటే రెండు కార్లలోనూ బండి ఒక్క పూట ఖాళీగా ఉండకూడదు, బెల్ట్ తెగకూడదు, హైడ్రాలిక్ కారకూడదు, చేసిన ప్రతి గంటకూ డబ్బు చేతికి రావాలి. ఆ చివరిది ఊళ్లో జరగని పని. కిరాయి బాకీ వడ్లు అమ్ముడుపోయాకే వస్తుంది. బావమరిదిని, పాలోళ్లను గట్టిగా అడగలేరు. కిస్తీ తేదీ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. అందుకే చాలా బండ్లు పొలం పని అయిపోగానే ఇసుకకు, ఇటుకకు పోతాయి. వ్యవసాయం పేరు మీద రిజిస్టరైన బండి అలాంటి తోలకాల్లో దొరికితే జరిమానా కట్టాలి. ఒక్కోసారి బండి ఠాణాలో నిలబడుతుంది. బండి కొన్నదే సొంత పొలం అదునుకు దున్నుకోవాలని. కిస్తీ కోసం బయట పొలాలు ముందు దున్ని, సొంత మడి చివరన దున్నుకునే స్థితిలో పడ్డవాళ్లను మా ఊళ్లోనే చూస్తున్నాను.

అప్పు స్వభావం కూడా వేరు. 2024లో రెండు లక్షల వరకు మాఫీ అయినది పంట రుణం. ట్రాక్టర్ అప్పు దీర్ఘకాలిక రుణం, అది ఆ మాఫీలోకి రాలేదు. పంట పోయిన ఏడు కూడా ఆ అప్పు అలాగే ఉంటుంది. దానికి తాకట్టు అదే ఐదెకరాలైతే, ఆ ఒక్క కిస్తీ తప్పినందుకు రేపటి పంట రుణం కూడా ఇబ్బందుల్లో పడుతుంది. ఎనిమిదెకరాల నీటి భూమి ఉంటేనే ట్రాక్టర్ అప్పు అన్న కొలత ఒకప్పుడు బ్యాంకుల్లో ఉండేది. ఆ కొలత సడలింది. దాని స్థానంలో గంటల కొలత ఏదీ రాలేదు. షోరూంలో రైతుకు నెలకు ఎంత, ఆరు నెలలకు ఎంత అని చెబుతారు గాని, "నీ బండికి ఏడాదికి ఎన్ని గంటల పని ఉంది?" అని అడిగేవాళ్లు లేరు.

ఇంత లెక్క చూపించాక కూడా మా అరుగు మీద కూర్చున్న రైతు లేచిపోతూ ఒక మాట అంటాడు: "అన్నా, లెక్క సరే. నారు ముదిరిపోతుంటే బండి దొరకకపోతే ఏం చేయాలె?"

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేం. ఐదెకరాల రైతు బండి కొనేది ఈ భయంతోనే. వాన పడ్డ మర్నాడు ఊరంతా ఒకేసారి పొలంలోకి దిగుతుంది. బండి ఉన్నవాడు ముందు తన పొలం దున్నుకుంటాడు, తర్వాత తన వాళ్లది, ఆ తర్వాత ఒకే చెక్కగా పదెకరాలున్నవాడిది. ఇరవై గుంటలు ఒకచోట, ముప్పై గుంటలు ఇంకోచోట ఉన్న చిన్న రైతు మడికి రావాలంటే గట్లు దాటాలి, మడిలో మలుపులు ఎక్కువ, గంటకు అయ్యే పని తక్కువ. అందుకే అతని వంతు చివరికి పోతుంది. ఇరవై అయిదు రోజులకు పీకాల్సిన నారు నలభై రోజులు మడిలోనే ఉంటే పిలకలు తగ్గుతాయి. యాసంగిలో నాటు ఆలస్యమైతే పూత ఎండలకు, కోత ఏప్రిల్ గాలివానలకు దొరుకుతుంది.

ఆ నష్టాన్ని కూడా లెక్కలో కలిపి చూద్దాం. ఆలస్యం వల్ల ఎకరాకు రెండు క్వింటాళ్లు తగ్గిందనుకుందాం. మూడెకరాలకు ఆరు క్వింటాళ్లు. 2025-26లో ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర 2389. ఒక కారుకు 14 వేల పైన, రెండు కార్లూ అలాగే పోతే 28 వేల పైన. కిరాయి 60 వేలకు దీన్ని కలిపినా 89 వేల లోపే. సొంత బండి ఖర్చులో అది సగం. బండి ఆలస్యంగా వచ్చే ఊళ్లో కూడా ఐదెకరాల రైతుకు కిరాయే మేలన్న మాట. అయితే ఆ 28 వేలు రైతు ఎందుకు పోగొట్టుకోవాలన్నదే నేను మిమ్మల్ని అడిగేది.

ఊళ్లో ట్రాక్టర్లు చాలకనా? కాదు. 900 ఎకరాల సాగు ఉన్న ఊరిని తీసుకోండి. నా పొలం లెక్కనే ఎకరాకు ఏడాదికి పది గంటలంటే ఊరి మొత్తం పని 9000 గంటలు. ఆ ఊళ్లో 45 బండ్లుంటే తలా 200 గంటలు. 260 దాటితే గాని ఖర్చులు రావని పైన చూశాం, అంటే అందరూ నష్టంలోనే ఉన్నారు. అదే ఊరికి 25 బండ్లుంటే తలా 360 గంటలు దొరుకుతాయి. మరి 25 బండ్లతో అదునుకు పని పూర్తవుతుందా? రోజుకు తొమ్మిది గంటల్లో ఒక బండి రెండున్నర ఎకరాలకు మొదటి దుక్కి, కరిగట్టు రెండూ చేస్తుంది. 25 బండ్లు ఇరవై రోజుల్లో 1250 ఎకరాలు చేయగలవు. ఊరంతా వరి వేసినా 900 ఎకరాలే. బండ్లు సరిపోతాయి. లేనిది వంతు చెప్పేవాడు, రాసి పెట్టే పుస్తకం.

ఎదురుచూసి ఎదురుచూసి విసిగిన రైతు నలభై ఆరో బండి కొంటాడు. ఆ బండి మిగతా నలభై అయిదింటి గంటలను ఇంకాస్త తగ్గిస్తుంది. గంటలు తగ్గాయని కిరాయి దిగదు, కిస్తీలున్నాయి కాబట్టి పెరుగుతుంది. కిరాయి పెరిగిందని ఇంకొకరు షోరూంకు పోతారు. ప్రభుత్వం సబ్సిడీ ట్రాక్టర్లు పంచిన ప్రతిసారీ ఈ చక్రం మరింత బిగిసింది తప్ప చిన్న రైతు వంతు ముందుకు జరగలేదు.

కిరాయి పనిలో నాణ్యత సంగతి కూడా చెప్పాలి. సొంత బండి ఉంటే పని బాగా చేసుకుంటామని రైతులు అనడానికి కారణం ఉంది. ఎకరం లెక్కన మాట్లాడితే డ్రైవర్ హైడ్రాలిక్ లీవర్ కొంచెం పైకి లాగి, పై గేరులో పరుగెత్తిస్తాడు. పైన మట్టి మెత్తగా కనిపిస్తుంది, కింద నాలుగు అంగుళాలు కూడా తెగదు. గంట లెక్కన మాట్లాడితే ఇంజన్ వేగం తగ్గించి నెమ్మదిగా తోలుతాడు. కనిపెట్టడం కష్టం కాదు. దున్నిన వెంటనే మడిలోకి దిగి నాలుగైదు చోట్ల వేలెడు మందం కర్ర గుచ్చితే ఎంత లోతు తెగిందో తెలుస్తుంది. మధ్యలో ఒక్కచోట కర్ర ఆగితే రెండు సాళ్ల మధ్య పొర వదిలేశాడన్నమాట. గంట లెక్కయితే మొదటి పది గుంటలకు ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి పెట్టుకుంటే చివరి పది గుంటలతో పోల్చవచ్చు. ఇవి చేయగల రైతుకు కిరాయి పని సొంత పనికి తీసిపోదు. కాకపోతే ఎకరానికి ఏ పనికి ఎంత లోతు, ఎంత రేటు అన్నది ఎక్కడా రాసి లేకపోవడంతో గట్టు మీద గొడవే మిగులుతోంది.

ట్రాక్టర్ ఎవరూ కొనొద్దని నేను అనడం లేదు. ఇంట్లోనే బండి నడిపే కొడుకుండి, సొంత ఐదుకు తోడు ఇరవై ఎకరాలు కౌలుకు చేసే కుటుంబానికి 250 గంటలు ఇంటి పనే దొరుకుతుంది, వాళ్లు కొనాలి. నలుగురు అన్నదమ్ములు ఒకే బండి మీద నడిస్తే అదీ సరే. నేను మాట్లాడుతున్నది సొంతంగా యాభై గంటల పని మాత్రమే ఉన్న రైతు గురించి. రాష్ట్రంలో సగటు కమతం హెక్టారు అని 2015-16 వ్యవసాయ గణన చెప్పింది. అంటే నా ఐదెకరాలు సగటుకు రెట్టింపు. నాకే గిట్టని బండి నా కంటే చిన్న రైతుకు ఎలా గిట్టుతుంది?

ఇక మీ శాఖ చేయగలిగింది. మీకు 2601 రైతు వేదికలున్నాయి. సుమారు ఐదు వేల ఎకరాలకు ఒకటి చొప్పున, ప్రతిదానికీ ఒక వ్యవసాయ విస్తరణ అధికారి ఉన్నారు. ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో వారు ఇప్పటికే నమోదు చేస్తున్నారు. అదే పుస్తకంలో ఊరి ట్రాక్టర్లు, వాటి పనిముట్లు, కరిగట్టు కావాల్సిన తేదీ రాయించండి. నారు పోసిన రోజు తెలిస్తే నాటు రోజు తెలుస్తుంది, నాటు రోజు తెలిస్తే దున్నే రోజు తెలుస్తుంది. పక్కపక్క మడులను ఒకే రోజుకు కలిపి ఇస్తే చిన్న మడుల మలుపుల సమస్య సగం తీరుతుంది, బండికి డీజిల్ కూడా మిగులుతుంది. పనిని బట్టి లోతు, రేటు కారు మొదలయ్యే ముందే బండ్ల యజమానులను, రైతులను కూర్చోబెట్టి తేల్చి పంచాయతీ గోడ మీద రాయించండి.

బండి యజమాని ఈ వరుసకు ఎందుకు ఒప్పుకుంటాడని మీ అధికారులు అడగవచ్చు. డబ్బు భరోసా ఇస్తే ఒప్పుకుంటాడు. దున్నిన వారంలోపు సహకార సంఘం యజమానికి కిరాయి చెల్లించాలి. వడ్ల కొనుగోలు కేంద్రం చాలాచోట్ల అదే సంఘం నడుపుతోంది కాబట్టి రైతు ఒప్పంద పత్రం మీద ఆ మొత్తాన్ని వడ్ల డబ్బులోంచి పట్టుకోవచ్చు. బాకీ వసూలు బాధ లేకుండా గంటలు పెరిగితే రెండు వందల గంటల దగ్గర ఈడుస్తున్న యజమానులు ముందుకొస్తారని సంఘంలో లెక్కలు రాసిన అనుభవంతో చెబుతున్నాను.

సంఘాలకే యంత్రాలిచ్చి అద్దె కేంద్రాలు పెట్టాం కదా అంటారేమో. కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో అద్దె కేంద్రాలకు 40 శాతం వరకు సాయం ఉంది, మంచిదే. నేను చూసిన కేంద్రంలో బండి ఉంది, రోటవేటర్ ఉంది, డ్రైవర్ లేడు. పని లేని నెలల్లో జీతానికి పద్దు లేదు కాబట్టి అతను వెళ్లిపోయాడు. సరిగ్గా కారు మొదలైనప్పుడు బేరింగ్ పోతే దాన్ని మార్చడానికి పాలకవర్గ తీర్మానం కోసం ఆగాల్సి వచ్చింది. ఇనుముకు సబ్సిడీ ఇచ్చి మనిషికి ఇవ్వకపోతే ఇలాగే ఉంటుంది. డ్రైవర్‌కు పన్నెండు నెలల జీతం, ఒక పరిమితి వరకు రిపేరుకు కార్యదర్శికే ఖర్చు అధికారం, ఈ రెండూ మీ ఒక్క ఉత్తర్వుతో అయ్యే పనులు.

బ్యాంకులతో మీరు మాట్లాడాల్సిన విషయం ఒకటుంది. ప్రతి ట్రాక్టర్ అప్పు దరఖాస్తులో ఒక కాగితం అదనంగా పెట్టించండి: ఇంటి పని ఎన్ని గంటలు, కౌలు పని ఎన్ని, బయటి కిరాయి ఎన్ని, ఊళ్లో ఇప్పటికే ఎన్ని బండ్లున్నాయి. 350 గంటలు చూపలేని దరఖాస్తుకు అప్పు ఆపమని నేను అనను. ఆ లెక్క రైతుకు తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకుంటే చాలు. నిర్ణయం అతనిదే.

వచ్చే వానకాలం నార్లు పోసేలోపు ఒక్క మండలంలోనైనా ఈ వంతు పుస్తకం మొదలుపెట్టించండి. మా మండలమైతే పుస్తకం రాసే పని జీతం లేకుండా నేనే చూసుకుంటాను.

ఇట్లు,
ఐదెకరాల రైతు,
జనగామ జిల్లా